లాండ్రీ ఓనరు గురించి వాకబు

శ్రీకాకుళంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను పర్చేజ్ ఆఫీసర్ని. దూది దగ్గర నుంచి జనరేటర్ డీజిల్ దాకా ఏది లోపలికి రావాలన్నా నా సంతకం కావాలి. ఈ కుర్చీలో ఇరవై ఏళ్లు కూర్చున్నవాడికి, తననెవరూ మోసం చెయ్యలేరనే నమ్మకం ఒకటి పట్టుకుంటుంది. దానికి తోడు నాకు ఇంగ్లీషు ఉత్తరాల పిచ్చి. గెజిటెడ్ ఆఫీసర్ని కాకపోయినా ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టడం ఇంకో సరదా. ఇవన్నీ బాగా ముదిరి ఉన్న రోజుల్లో లాండ్రీ కాంట్రాక్టు నా బల్ల మీదికి వచ్చింది.

అప్పటిదాకా బెడ్‌షీట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ థియేటర్ గౌన్లు అన్నీ మా వెనక షెడ్డులోనే ఉతుక్కునేవాళ్లం. మెషిన్లు ముసలివైపోయాయి. విశాఖ నుంచి వచ్చిన మెకానిక్ వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి, వీటి పార్టులు ఇప్పుడెవరూ తయారు చెయ్యటం లేదని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. దాంతో ఈ పనిని ఐదేళ్లకు బయటికిచ్చేద్దామని ట్రస్టువాళ్లు తీర్మానించారు. టెండరు వేస్తే ముగ్గురు వచ్చారు. అందరికన్నా తక్కువ రేటు వేసినాయన లాండ్రీ విజయనగరం వెళ్లే దారిలో ఉంది. ఆయన నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట మా మెషిన్ ఒకటి పదిహేను రోజులు మూలపడితే వార్డుల కర్టెన్లన్నీ ఆయనే ఉతికి ఇచ్చాడు. అందుకని నా మనసులో కాంట్రాక్టు ఆయనకి ఎప్పుడో ఇచ్చేశాను.

మా సూపరింటెండెంట్ గారు సర్జన్. మాటల్లో కూడా అవసరమైన చోటే కోస్తారు. "రేటు చూసి ఐదేళ్లు రాసివ్వొద్దు. మన మెషిన్లు తుక్కుకి పోయాక వెనక్కి రావడానికి దారుండదు. ఇప్పుడు ఎవరెవరికి ఉతుకుతున్నాడో, వాళ్లేమంటున్నారో కనుక్కుని కాగితం మీద పెట్టండి" అన్నారు.

ఉత్తరం రాయమని ఆయన అనలేదు. నేనే విన్నాను. ఆ సాయంత్రం తలుపు దగ్గరకేసుకుని లాండ్రీ ఓనరుకి ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. మా స్థాయి ఖాతాదారులు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు, వారితో మేము మాట్లాడేందుకు అనుమతి, గత ఆరు నెలల్లో వారు ఇచ్చిన అభిప్రాయాలు కావాలని దాని సారాంశం. సారాంశం ఇంత చిన్నదని ఉత్తరం చదివినవాళ్లెవరికీ తెలిసే అవకాశం లేకుండా రాశాను.

మర్నాడు పదిగంటలకి లాండ్రీ ఓనరు ఫోన్ చేశాడు.

"సార్, మీ ఉత్తరం అందింది. మా అల్లుడు చేత రెండుసార్లు సదివించాను. ఏటి కావాలండి మీకు?"

"మీ దగ్గర ఇప్పుడు బట్టలు ఉతికించుకుంటున్నవాళ్ల నంబర్లు. మీ పని గురించి ఈమధ్య వాళ్లేమన్నారో, అది."

"అంతేనేటి? అదే ముక్క రాసీలేకపోనారా సార్! మీరు కేసేసినారేమో అనేసి మా ఆడోళ్లు కంగారు పడిపోనారు."

నాలుగు రోజుల్లో ఫైలు వచ్చింది. పైన ప్లాస్టిక్ అట్ట, లోపల మూడు పేర్లు: విజయనగరంలో మాలాంటి ఒక ఆసుపత్రి, ఒక లాడ్జి, ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు. ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్క అభిప్రాయ పత్రం. సమయపాలన, శుభ్రత, లెక్క, మర్యాద, అన్నింటి ఎదురుగా 'అత్యుత్తమం' అన్న గడిలో టిక్కు. నాకు ముచ్చటేసింది. మూల్యాంకన పట్టికలో ఆ కాలమ్‌కి పదికి తొమ్మిది వేశాను. పదీ వేసేవాణ్నే. మరీ పదికి పదంటే పరిశీలించకుండా వేశారంటారని ఒకటి తగ్గించాను.

పట్టిక మీద మా మేట్రన్ గారి సంతకం కూడా కావాలి. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకున్న మనిషి, నాకన్నా ఆరేడేళ్లు పెద్ద, ఆదివారం చర్చి తప్ప మరో సెలవు ఎరగదు. కళ్లద్దాలు పెట్టుకుని మూడు పత్రాలనీ బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"బాబూ, ఈ మూడూ ముగ్గురు పెట్టినారంటారా?"

"సంతకాలు వేరే కదమ్మా."

"సంతకాలు వేరే. టిక్కు సూడండి. మూడిట్లోనూ తోక కుడిపక్కకి ఎలా ఎగిరిపోతందో. ఒక్క సెయ్యే." తర్వాత పత్రాలు తిరగేసింది. "ఈమధ్యవి కావాలని రాసినారు గదా మీరు. వీటి మీద తేదీ ఏదండి?"

తేదీ లేదు. మూడింటిలోనూ లేదు. నా ఉత్తరంలో 'గత ఆరు నెలల' అన్న మాట కింద గీత కూడా గీసి పంపినవాణ్ని నేనే.

"ఫోన్లు చేసి మాట్లాడతాను" అన్నాను, అదే నా అసలు పథకమన్నట్టు.

ముందు లాడ్జి మేనేజరుకి చేశాను. నన్ను నేను పరిచయం చేసుకోవడానికే చాలాసేపు పట్టింది. ఆ తర్వాత అడిగాను: "వాళ్లు పని బాగానే చేస్తున్నారు కదండీ?"

"ఆ, బాగానే."

"టైముకి తెస్తున్నారు కదా?"

"తెస్తన్నారండి."

"ఫిర్యాదులేమీ లేవు కదా?"

"ఏటుంటాయండి." అవతల ఎవరో గది తాళం అడుగుతున్నారు. ఫోన్ పెట్టేశాడు.

ఈ సంభాషణ మీద నేను అరపేజీ నివేదిక రాశాను. హాస్టల్ వార్డెన్‌తోనూ అలాగే. విజయనగరం ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ మాత్రం ఎత్తలేదు. మేట్రన్ గారు నివేదిక చదివి, దాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆవిడ కాగితం మడతపెట్టడం ఇంజెక్షన్ ముందు స్పిరిటు రాసినట్టుంటుంది.

"మా పాప సంబంధానికి మా వదిన ఇలాగే వాకబు సేసింది బాబూ. కుర్రోడు మంచోడే కదా, తాగడు కదా అని ఆళ్ల పక్కింటోళ్లని అడిగింది. ఆళ్లు మటుకు ఏటంటారు? మంచోడే అంటారు. 'కదా' అన్నాక అవతలోడికి ఇంకేటి మిగిలింది సెప్పడానికి?" అని, పత్రాలు నా వైపు తోసింది. "పోయిన వానల్లో ఎన్నాళ్లు బట్టలు రాలేదు, పోయిన గలీబులకి ఏం సేసినాడు, రక్తం అంటిన గుడ్డలు వేరే సంచిలో అట్టుకెల్తన్నాడా లేదా. ఇవి అడగండి. ఆఫీసోళ్లని కాదు, గుడ్డలు లెక్కెట్టుకుంటారే, ఆళ్లని."

సంతకం పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే విజయనగరం బస్సెక్కాను. ఒక మహా పరిశోధనకి బయల్దేరినవాడిలా కొత్త ఫైలు, రెండు పెన్నులు, నా ఉత్తరం నకలు సంచిలో పెట్టుకున్నాను. అవసరమైతే ఆ ఉత్తరాన్ని వాళ్లకి చూపించి, మేము వాకబు ఎంత పద్ధతిగా చేస్తామో తెలియజెయ్యాలని కూడా అనుకున్నాను. నాతవలస దగ్గర బస్సు హైవే వదిలి విజయనగరం రోడ్డు పట్టేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలా అని లోపల్లోపల రిహార్సల్ వేసుకుంటూనే ఉన్నాను.

అక్కడి అడ్మినిస్ట్రేటర్ ఒక అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై అయిదేళ్లుంటాయి. మర్యాదగా కూర్చోబెట్టి, ఫోన్ ఎత్తనందుకు ఏమీ అనుకోవద్దంది. నేను అభిప్రాయ పత్రం తీసి చూపించాను.

"ఇది మా పాత అడ్మినిస్ట్రేటర్ గారి సంతకమండీ. ఆయన మానేసి రెండేళ్లయింది."

"మరి ఇది ఈ ఆరు నెలల్లోది కాదా?"

"కాదు. నన్నసలు ఎవరూ అడగలేదు."

నాకు నిజంగానే కోపం వచ్చింది. పెద్దమనిషి తరహాలో వెనక్కి వాలి, "చూశారా, జనం ఎంత తేలిగ్గా సంతకాలు పెట్టేస్తారో! చదివైనా చదవాలి కదండీ. ఇంతకీ మీవాళ్లు ఆయన్ని ఏ ఆధారంతో తీసుకున్నారు?" అన్నాను.

ఆవిడ బీరువాలోంచి ఫైలు తీసి, పేజీలు తిప్పి, ఒకచోట ఆగింది. కాగితం చూసింది, నన్ను చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"మీ ఆసుపత్రి ఇచ్చిన సిఫార్సు ఉత్తరం చూసి తీసుకున్నారండీ. ఇది... మీ సంతకమేనా?"

ఆకుపచ్చ ఇంకు. మరో మనిషిది అని బుకాయించడానికి వీల్లేని ఆకుపచ్చ.

మా ఆసుపత్రి వస్త్రాల శుభ్రత విషయంలో ఈ సంస్థ దీర్ఘకాలంగా అన్ని విధాలా అత్యుత్తమ సేవలు అందిస్తోందని, ఏ ఆసుపత్రికైనా నిస్సంకోచంగా సిఫార్సు చేస్తున్నామని ఆ ఉత్తరం చెబుతోంది. కొద్దికొద్దిగా గుర్తొచ్చింది. కర్టెన్ల పని అయ్యాక ఆయన ఒక టైపు చేసిన కాగితం పట్టుకొచ్చాడు. "మీ ఇంగ్లీషు ముందు మాదేటి సార్, తప్పులుంటే దిద్దండి" అన్నాడు. నేను దిద్దాను. ఒక స్పెల్లింగులో అక్షరం ఎగిరిపోతే పైన బాణం గుర్తు వేసి మరీ పెట్టాను. ఆ దిద్దుబాటు కూడా అక్కడే ఉంది, అదీ ఆకుపచ్చలోనే. 'దీర్ఘకాలంగా' అన్న మాటకి స్పెల్లింగు సరిగ్గానే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.

"దీర్ఘకాలం అంటే ఎన్నేళ్లండీ?" అడిగిందావిడ. ఎగతాళి చెయ్యటం లేదు. నా ఫైల్లో నేను రాసుకోవాల్సిన ప్రశ్న ఆవిడ అడిగింది, అంతే.

"పదిహేను రోజులు."

"ఆపరేషన్ థియేటర్ బట్టలు కూడానా?"

"కర్టెన్లు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వితే బాగుండేది. "మంచినీళ్లు తాగండి" అని గ్లాసు జరిపింది. తాగాను. ఇంకో గ్లాసు కూడా తాగాను. సంచిలో ఉన్న నా ఉత్తరం నకలు బయటికి తీసే ఆలోచన పూర్తిగా మానేశాను.

కాస్త తేరుకున్నాక, మీ దగ్గర గుడ్డలు లెక్కపెట్టుకునే మనిషితో మాట్లాడొచ్చా అని అడిగాను. ఆవిడే నన్ను కింద లినెన్ గదికి తీసుకెళ్లింది. అక్కడ కట్టలు కట్టలుగా షీట్ల మధ్య ఒక పెద్దావిడ నిలబడి గలీబులు మడతపెడుతోంది. గోడకి మేకు, మేకుకి దారం, దారానికి పొడుగాటి నోటుబుక్కు. ఈసారి 'కదా' లేకుండా అడగడానికి నాలుకని గట్టిగా పట్టుకున్నాను.

"పోయిన వానాకాలంలో ఎలా చేశాడమ్మా?"

"ఏడిపించీసినాడు బాబూ" అంది, చేతులు ఆపకుండానే. "ముసురట్టిన వారం రెండ్రోజులు బండే రానేదు. వొచ్చిననాడు గుడ్డలు సెమ్మ. ముట్టుకుంటే సల్లగా తగిల్నాయి. అయ్యెలాగ పరుస్తాం పేషెంట్లకి? వొగ్గీసినాను, తిరిగి అట్టుకుపొమ్మన్నాను."

నోటుబుక్కు తీసి చూపించింది. వెళ్లినవెన్ని, వచ్చినవెన్ని, మరకతో వెనక్కి పంపినవెన్ని, రోజువారీ రాసి ఉంది. వెనక్కి పంపిన లెక్క చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది. వానాకాలం పేజీల నిండా అవే. ఆ తర్వాత పేజీల్లో సున్నాలు పలచబడ్డాయి.

"తరవాత?"

"ఈ మేడంగారు పిలిపించి గట్టిగా అడిగినారు. అప్పుడు ఇంకో ఆరబెట్టే మెషిన్ కొన్నాడంట. ఇప్పుడు పర్లేదు. పోయిన గలీబులకి బదులు తెచ్చిత్తన్నాడు. రక్తం గుడ్డలు వేరే సంచిలోనే అట్టుకెల్తన్నారు, నాను సూత్తన్నాను. అబద్ధమెందుకు ఆడాల బాబూ, మడిసి సెడ్డోడు కాడు. అడగకపోతే మటుకు సెయ్యడు."

నా ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక సరఫరాదారు గురించి ఇంత మంచి నివేదిక నేను చదవలేదు, రాయలేదు. ఆవిడ చెప్పిందంతా ఆవిడ మాటల్లోనే రాసుకున్నాను. రాస్తుంటే చూసి, "మరీ అంతా రాసీకండి, ఆడికి కోపం వస్తాది" అంది. "రానీండి, రాసీండి" అని తనే మళ్లీ అంది.

శ్రీకాకుళం వచ్చాక సూపరింటెండెంట్ గారి గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. పాత ఉత్తరం సంగతి దాచేద్దామని బస్సులో ఒక ఆలోచన వచ్చిన మాట నిజం. రణస్థలం దాకా దాచాను. తర్వాత, ఆ అమ్మాయి మా సూపరింటెండెంట్ గారికి ఫోన్ చేస్తే ఏమవుతుందో ఊహించుకుని చెప్పెయ్యాలని తీర్మానించుకున్నాను. నిజాయితీ నాలో ఎక్కువసార్లు ఇలాంటి దారుల్లోనే ప్రవేశించింది.

ఆయన విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే వాళ్లు మన మాట నమ్మి తీసుకున్నారు. మనం వాళ్ల మాట నమ్మి తీసుకోబోయాం. అసలు మాట ఎవరిది?"

"లాండ్రీ ఓనరుదే సార్."

"స్పెల్లింగు మాత్రం మీది" అన్నారు. తర్వాత, "అతన్ని వదిలేసిన ఖాతాదారుని కూడా ఒకర్ని అడగండి" అన్నారు.

లాండ్రీ ఓనరుకి ఫోన్ చేశాను. ఈసారి ఉత్తరం రాయలేదు. టిక్కుల సంగతి అడిగితే తనే పెట్టానని వెంటనే ఒప్పుకున్నాడు. "ఆళ్లకి తీరిక లేదన్నారు సార్, నేనే టిక్కులెట్టి సంతకాలు పెట్టించీసాను. మీరు కూడా అప్పుడు అలాగే పెట్టినారు గదా. ఆ రోజు మంచోణ్ని, ఇయాల దొంగనైపోయానేటి?"

ఆ మాట దాటేసి, "ఈ రెండేళ్లలో మీ దగ్గర మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల నంబరివ్వండి" అన్నాను.

"ఎవరైనా మానీసినోళ్ల నంబరిస్తారేటి సార్?" అంటూనే నరసన్నపేటలో ఒక నర్సింగ్ హోం నంబరు చెప్పాడు. "ఆ డాక్టరమ్మ నన్ను తిడతాది. అయినా అడగండి."

ఆ డాక్టరమ్మ తిట్టలేదు. బాలింత పక్కమీద వదిలేసిన సొంత చీర ఒకటి షీట్లతో కలిసిపోయి వెళ్లి మళ్లీ రాలేదట. అది ఆ బాలింతకి వాళ్లమ్మ పెట్టిన చీర. ఓనరు స్వయంగా వచ్చి క్షమాపణ అడిగి కొత్త చీర ఇచ్చాడట. "మేము మానేసింది దానికి కాదండీ. శ్రీకాకుళం దాటి ఇటు రావాలంటే వాళ్ల బండి వారంలో ఏదో ఒకరోజు ఎగ్గొట్టేది. మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ బండి ఒక్కటే ఉందేమో కనుక్కోండి" అంది.

కనుక్కున్నాను. ఒక్కటే ఉంది.

మూల్యాంకన పట్టిక మళ్లీ రాశాను. పదికి ఆరు. ఎందుకు ఆరో ఒక పేజీ, తెలుగులో. మిగతా ఇద్దరు టెండరుదారులకీ అవే ప్రశ్నలు పంపించాం. వాళ్ల ఖాతాదారులతోనూ మేట్రన్ గారు, నేను కూర్చుని మాట్లాడాం. నిజం చెప్పాలంటే ఆవిడ మాట్లాడింది, నేను డయల్ చేశాను. అన్నీ కలిపి చూస్తే ఈయనే నయమనిపించాడు. ఐదేళ్లు ఒక్కసారిగా ఇవ్వకుండా ముందు ఏడాదికి ఇచ్చి, పని చూసి పొడిగించాలని ట్రస్టువాళ్లు ఒప్పుకున్నారు. రెండో బండి ఉండాలి, చెమ్మ గుడ్డలు వెనక్కి పంపే హక్కు మాది, మొదటి వానాకాలం గడిచేదాకా మా పాత మెషిన్లు అమ్మం. షరతులు చదివి లాండ్రీ ఓనరు నిట్టూర్చాడు. "ఒక్క ఫోన్ నంబరిచ్చి బండి కొనుక్కోవాల్సొచ్చింది నాకు" అంటూ సంతకం చేశాడు.

విజయనగరం అడ్మినిస్ట్రేటర్‌కి, నా పాత ఉత్తరంలో ఏది నిజమో ఏది కాదో వివరిస్తూ ఒక కాగితం పంపాను. నాలుగు వాక్యాలు. నా జీవితంలో అతి చిన్న ఉత్తరం అదే, అతి కష్టమైంది కూడా. నీలం ఇంకుతో రాశాను. ఆవిడ నుంచి జవాబు రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

ఆ శ్రావణంలో ముసురు మొదలైన మూడో రోజు పొద్దున్న ఆరింటికి ఓనరు తనే ఫోన్ చేశాడు. "సార్, ఇవాళ బండి రెండు గంటలు లేటవుతాది. రోడ్డు మీద నీళ్లు. ముందే సెప్తన్నాను, రాసుకోండి." నేను ఆసుపత్రి గుమ్మంలో గొడుగేసుకుని నిలబడ్డాను. నేను నిలబడినంత మాత్రాన బండి తొందరగా రాదని తెలుసు. అయినా నిలబడ్డాను. చెప్పిన టైముకి పావుగంట ముందే వచ్చింది.

మేట్రన్ గారు కట్ట విప్పి, మధ్యలోంచి ఒక షీటు లాగి చెంపకి ఆనించుకుంది. ఇంకొకటి లాగింది. మూడోది కూడా చూశాక "పొడిగానే ఉన్నాయి" అంది. నేను ఒక షీటు అందుకోబోతే, "తడి చేతుల్తో ముట్టుకోకండి బాబూ" అని చెయ్యి పక్కకి నెట్టేసింది.